లారీ అన్న మాట లేని మెయిల్

గేటమ్మకు ఆ పేరు లారీ డ్రైవర్లు పెట్టారు. పెద్ద గోడౌన్ గేటు పక్కన, నాలుగడుగుల అద్దాల గదిలో, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీలో ఆవిడ పంతొమ్మిదేళ్ళు కూర్చుంది. లారీ వస్తే కాగితాలు చూడాలి, నంబరు రాసుకోవాలి, ఏ తలుపు దగ్గర సరుకు దించాలో చెప్పి లోపలికి పంపాలి. చూసేవాళ్ళకు అది చెయ్యి ఊపే ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అలా చూసేవాళ్ళను ఆవిడ ఎలా చూసేదో ఆ చూపు తిన్నవాళ్ళకే తెలుసు.

ఎవరినైనా తీసిపారేయడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య. కోపం రాదు, గొంతు పెంచదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, ఎదుటివాడు మాట్లాడడం పూర్తయ్యేదాకా చూసి, "అయిందా?" అంటుంది, అంతే. నెలకోసారి గోడౌన్ చూడడానికి వచ్చే మేనేజర్లు "సమన్వయ లోపం వల్ల రద్దీ ఏర్పడుతోంది" అని రిపోర్టులు రాసుకుపోతే, వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా చూసి, "వీళ్ళ చదువు తగలెయ్య. ఆరు తలుపులుంటే నలభై లారీలు ఒకేసారి వస్తే రద్దీ ఏర్పడదా?" అనేది.

ఆ రద్దీ సంగతి ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లారీలన్నీ పొద్దున ఆరుకూ తొమ్మిదికీ మధ్య వచ్చి పడతాయి. నాలుగేసి గంటలు రోడ్డు మీద నిలబడతాయి. డ్రైవర్లు తిట్టుకుంటారు. మధ్యాహ్నం రెండు దాటాక తలుపులు ఖాళీగా ఈగలు తోలుకుంటూ ఉంటాయి. గేటమ్మ తన కోసం ఒక పుస్తకం పెట్టుకుంది. ఏ లారీ ఏ తలుపు దగ్గర ఎంతసేపు నిలిచిందో రాసుకునేది. చెక్క పలకల మీద పేర్చి కట్టిన సరుకైతే ముప్పై అయిదు నిమిషాలు. విడి పెట్టెలైతే రెండు గంటల పది నిమిషాలు. పీపాలైతే గంటన్నర. వాన పడితే అన్నిటికీ ఇంకో ఇరవై. ఎవరూ అడగలేదు, ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అలాంటి పుస్తకాలు పదకొండు నిండాయి.

తర్వాత గేటు మీద నంబరు ప్లేట్లు చదివే కెమెరా వచ్చింది. గేటమ్మకు ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపించేశారు. కెమెరా నంబర్లు చక్కగా చదివింది. లారీలు మాత్రం ఎప్పటిలాగే నాలుగు గంటలు నిలబడ్డాయి.

ఆవిడ చెల్లెలి కొడుకు అప్పటికే రెండు కంపెనీలు పెట్టి మూసిన వీరుడు. ముప్పై నాలుగేళ్ళవాడు. మెళ్ళో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు, నోట్లో ఎప్పుడూ పెద్ద పెద్ద మాటలు. ఇంటిల్లిపాదీ వాణ్ణి 'సీఈఓ' అని పిలిచేవాళ్ళు. మొదట వెక్కిరింతగానే పిలిచారు. వాడు దాన్ని గౌరవంగా తీసుకోవడంతో అదే స్థిరపడిపోయింది. ఒకరోజు వాడు గేటమ్మ ఇంటికొచ్చి, ఆవిడ పుస్తకాలు ముందేసుకుని రెండు గంటలు కదలకుండా చదివాడు. వాడు అంతసేపు నోరు మూసుకుని ఉండడం ఆవిడ అదే మొదటిసారి చూడడం.

"పెద్దమ్మా, ఇది సాఫ్ట్‌వేర్ చేద్దాం. ప్రతి లారీకీ ముందే టైము ఇచ్చేవి మార్కెట్లో ఉన్నాయి. కానీ అవన్నీ లారీకి గంట చొప్పున ఇస్తాయి. సరుకును బట్టి ఇచ్చేది ఎక్కడా లేదు."

"ఇన్నాళ్ళకు ఒక తెలివైన మాట అన్నావురా," అంది గేటమ్మ. వాణ్ణి ఆవిడ మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత చాలాకాలం ఆ అవసరం వాడు కల్పించలేదు.

టైర్ల కొట్టు మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. సీఈఓ, కోడ్ రాసే ఒక అమ్మాయి, గేటమ్మ. కింద నుంచి రబ్బరు వాసన, గాలి కొట్టే యంత్రం చప్పుడు. ప్రోగ్రామర్ అమ్మాయి రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. తప్పు కనిపిస్తే సరిదిద్దేది, సాకు చెప్పేది కాదు. గేటమ్మ ఆ పిల్లను తీసిపారేయడానికి మూడు వారాలు ప్రయత్నించి వదిలేసింది. ఏడాదిన్నరలో మూడు గోడౌన్లు ఆ సాఫ్ట్‌వేర్ వాడడం మొదలుపెట్టాయి. గేటమ్మ ప్రతి గోడౌన్‌కూ స్వయంగా వెళ్ళి, గేటు దగ్గర వారం రోజులు కూర్చుని, అక్కడి సరుకు లెక్కలు ఎక్కించేది.

మూడుతో కంపెనీ బతకదు. నాలుగోది దొరకడం లేదు. చిన్నవాడు తలుపు తడితే గోడౌన్ల వాళ్ళు తియ్యడం లేదు.

అప్పుడు సీఈఓకు ఆ పెద్ద కంపెనీ గుర్తొచ్చింది. గోడౌన్లలో ఏ సరుకు ఎక్కడుందో లెక్క చూసే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. నాలుగు వందల గోడౌన్లు వాడతాయి. ఏ లారీలో ఏం వస్తోందో వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కు ముందే తెలుసు. ఎప్పుడు వస్తుందో, ఏ తలుపుకు పోవాలో తెలియదు. అది వీళ్ళకు తెలుసు. రెండూ కలిపితే ఇద్దరికీ లాభమే. ఆలోచన మంచిదే. దాన్ని మెయిల్‌గా రాసే పని సీఈఓ తనే నెత్తికెత్తుకోవడమే చెడ్డదైంది.

మూడు రోజులు తలుపేసుకుని రాశాడు. పంపేశాక, కొడుకు పుట్టినంత సంబరంగా గేటమ్మకు చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు జార్చుకుని చదివింది.

విషయం: పరస్పర విజయానికి వ్యూహాత్మక భాగస్వామ్యం, ఒక సువర్ణావకాశం. కింద పద్నాలుగు పేరాలు. సరఫరా రంగపు ముఖచిత్రాన్ని సమూలంగా మార్చివేసే విప్లవాత్మక వేదిక. అత్యాధునిక మేధస్సుతో నడిచే సమగ్ర పరిష్కారం. ఇరు సంస్థల దార్శనికతల సంగమం. ఇరవై రెండు పేజీల స్లైడ్లు జత చేశాడు. మొదటి పేజీలో భూగోళం బొమ్మ. ఆ కంపెనీలో పార్ట్‌నర్‌షిప్‌లు చూసే బిజినెస్ హెడ్‌కు పంపాడు. ఆ ఒక్కడితో సరిపెట్టకుండా ఇంటర్నెట్‌లో దొరికిన మరో ఏడుగురు పెద్దలను కాపీలో పెట్టాడు.

"లారీ అన్న మాట ఎక్కడుందిరా?" అంది గేటమ్మ.

"అంటే?"

"పద్నాలుగు పేరాలు రాశావు. లారీ అన్న మాట ఒక్కసారీ లేదు. మనం ఏం అమ్ముతామో కనిపెట్టినవాడికి బహుమతి ఇస్తావా?"

"పెద్దవాళ్ళకు ఇలాగే రాయాలి పెద్దమ్మా. వాళ్ళు విజన్ చూస్తారు."

"అయిదో పేరా చూడు."

అయిదో పేరాలో, 'మీ సంస్థతో కలిసి పనిచేయడం మా చిరకాల స్వప్నం' అన్న వాక్యంలో ఇంకో కంపెనీ పేరుంది. ఆరు నెలల కిందట వేరేవాళ్ళకు పంపిన మెయిల్‌నే తిరగరాశాడు. అన్నిచోట్లా పేరు మార్చి, ఆ ఒక్కచోట మరిచిపోయాడు. సీఈఓ ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"చిరకాల స్వప్నం ఎవరితోనైనా ఒకటేనన్నమాట," అంది గేటమ్మ.

ప్రోగ్రామర్ అమ్మాయి తల వంచుకుని టైపు చేస్తూనే ఉంది.

వారం గడిచినా జవాబు లేదు. 'నా మెయిల్ మీ దృష్టికి వచ్చిందని ఆశిస్తున్నాను' అని సీఈఓ ఇంకోటి పంపాడు. మరో నాలుగు రోజులకు బిజినెస్ హెడ్ నుంచి మూడు ముక్కల జవాబు వచ్చింది. ఆసక్తి లేదు. ధన్యవాదాలు.

అక్కడితో అయిపోయేదే. కానీ పెద్దవాళ్ళకు కిందికి జరిపి చూసే ఓపిక ఉండదు. సీఈఓ మెయిల్‌ను ఆ పెద్దమనిషి మొదట తన మనుషులకు పంపించి, వాళ్ళతో మాటలు నడిపి, చివరికి అదే గొలుసు మీద జవాబు కొట్టి వీళ్ళకు పంపేశాడు. ఆ లోపలి మాటలన్నీ జవాబు కింద తోకలా వేలాడుతూ వచ్చాయి.

'కాసేపు నవ్వుకోవడానికి పంపుతున్నా,' అని రాశాడు బిజినెస్ హెడ్. 'అడ్రసు చూడండి, టైర్ల కొట్టు మీద. తామెవరికి రాస్తున్నారో కూడా తెలియనివాళ్ళు మన కస్టమర్ల డేటా అడుగుతున్నారు.'

దాని మీద ప్రొడక్ట్ మేనేజర్ రాశాడు. 'సర్, మెయిల్ ఘోరంగానే ఉంది. కానీ లారీల వెయిటింగ్ గురించి మన కస్టమర్లు ఏడాది నుంచి అడుగుతున్నారు. మన దగ్గర ఏమీ లేదు. ఒకసారి మాట్లాడి చూద్దామా?'

దాని మీద మళ్ళీ బిజినెస్ హెడ్. 'ఇలాంటి చిల్లర దుకాణాలతో కూర్చుంటే మన స్థాయి ఏం కావాలి? వద్దు.'

సీఈఓ అది రెండుసార్లు చదివాడు. లేచి నిలబడ్డాడు.

"దీన్ని వాళ్ళ చైర్మన్‌కు పంపుతాను. అందరికీ తెలిసేలా పెడతాను. వాడి ఉద్యోగం ఊడగొడతాను."

"కూర్చో," అంది గేటమ్మ. "ఏం రాస్తావు? మా మెయిల్ చదివి నవ్వారని రాస్తావా? చదివినవాళ్ళు ఆ మెయిల్ కూడా చూపించమంటారు. చూసి వాళ్ళూ నవ్వుతారు."

"వాడు మనల్ని చిల్లర దుకాణం అన్నాడు."

"నువ్వు రాసింది చూసి ఇంకేమంటాడు? అతగాడు మొరటు మనిషే, కాదనను. కానీ ఆ గొలుసులో అందరూ నిజాలే మాట్లాడారు. అబద్ధాలున్నది నీ మెయిల్‌లోనే."

సీఈఓ లాప్‌టాప్ మూసేశాడు. సంచీ తీసుకుని మెట్లు దిగిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ప్రోగ్రామర్ అమ్మాయి కుర్చీ ఇటు తిప్పింది.

"ఆంటీ, ఆ పెద్దాయన అన్నదానికి కాదు ఆయన రానిది. మీరు అన్నదానికి."

"నేనేమన్నాను? తప్పు చెప్పానా?"

"తప్పు చెప్పలేదు. తప్పు లేకపోతే అనెయ్యొచ్చని మీరనుకుంటారు."

ఆ పిల్ల ఆ రోజు కోటా పది మాటలూ దాటేసి మళ్ళీ తెర వైపు తిరిగింది. తీసిపారేయించుకోవడం ఈసారి గేటమ్మ వంతైంది. అది కొత్త అనుభవం. చెల్లెలికి ఫోన్ చేసింది. సీఈఓ భోజనం కూడా సరిగ్గా చెయ్యడం లేదని చెల్లెలు చెప్పింది. 'సారీ' చెప్పడం గేటమ్మకు ఏ వయసులోనూ చేతకాలేదు. తనకు చేతనైంది చేద్దామనుకుంది.

వాళ్ళ మూడు గోడౌన్లలో ఒకటి ఆ పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా వాడుతుంది. గేటమ్మ పొద్దున్నే బస్సెక్కి అక్కడికి పోయింది. అక్కడి గుమాస్తా పని రెండు గంటలు పక్కన కూర్చుని చూసింది. అతను వీళ్ళ తెర మీద ఉన్న లారీ వివరాలు చదివి, పెద్ద కంపెనీ తెర మీద మళ్ళీ టైపు చేస్తున్నాడు. రోజుకు తొంభై లారీలు. రెండింటిని కలిపే దారి లేక, ఆ మనిషి చేతులే దారి అయ్యాయి. రోజుకు రెండున్నర గంటలు దానికే పోతున్నాయి. మధ్యలో నంబర్లు తప్పుతున్నాయి.

గోడౌన్ మేనేజర్ దగ్గరికి వెళ్ళింది. "మీ లెక్కలు, మీ పేరు ఆ కంపెనీకి రాయొచ్చా? మీరు వద్దంటే రాయను."

"వాళ్ళకు నేనే మూడుసార్లు చెప్పానమ్మా, పట్టించుకోలేదు. రాయండి. అడిగితే నాతో మాట్లాడమనండి. అదే మాట మీకు మెయిల్‌లో కూడా పెడతాను, మీ దగ్గర ఉంటుంది," అన్నాడతను.

ఇంటికొచ్చి కాగితం మీద రాసింది. ఆవిడ భర్త రిటైరైన బస్సు డ్రైవరు. సాఫ్ట్‌వేర్ అంటే ఫోనులో బొమ్మలనుకుంటాడు. పొద్దున టీ తాగుతుంటే కాగితం ఆయన ముందు పెట్టింది.

"చదవండి. అర్థం కాని చోట చెప్పండి."

ఆయన వేలు పెట్టుకుని చదివాడు. "ఈ 'ఇంటిగ్రేషన్' ఏంటే?"

ఆవిడ దాన్ని కొట్టేసి, 'రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకదానికొకటి వివరాలు అందించుకుంటే' అని రాసింది.

"ఈ 'సామర్థ్య వృద్ధి'?"

"అది మీ సీఈఓ గాలి తగిలింది," అని అదీ కొట్టేసింది. ఆయన మూడోసారి చదివి, టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడు బాగుంది. లారీవాళ్ళ బాధ ఉంది ఇందులో," అన్నాడు.

ప్రొడక్ట్ మేనేజర్‌కు కూడా కాపీ పెడదామా అని ఒక క్షణం అనుకుంది. అతను తమ వైపు మాట్లాడినవాడే. కానీ ఆ సంగతి తనకు తెలియవలసింది కాదు. పొరపాటున దొరికినదాంతో బేరమాడితే తనకూ సీఈఓకూ తేడా ఏముంది? బిజినెస్ హెడ్ ఒక్కడికే పంపింది.

విషయం: మీ సాఫ్ట్‌వేర్ వాడే గోడౌన్‌లో లారీల వెయిటింగ్ 3 గంటల 40 నిమిషాల నుంచి 1 గంట 5 నిమిషాలకు తగ్గింది.

'నమస్కారం. మా దగ్గర నుంచి ఇంతకుముందు వచ్చిన మెయిల్ పక్కన పెట్టండి, అందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. మీ జవాబు కింద మీ లోపలి మాటలు కూడా మాకు వచ్చాయి. తెలిసీ తెలియనట్టు ఉండడం బాగుండదు కనుక చెబుతున్నాను, ఎవరికీ పంపలేదు, పంపం. మేము లారీలకు సరుకును బట్టి టైము ఇస్తాం: కట్టిన సరుకుకు ముప్పై అయిదు నిమిషాలు, విడి పెట్టెలకు రెండు గంటల పైన. మీ కస్టమర్ ఒకరు ఎనిమిది నెలలుగా మాది వాడుతున్నారు. వెయిటింగ్ ఎలా తగ్గిందో నెలవారీ అంకెలు కింద ఉన్నాయి. అక్కడి గుమాస్తా రోజూ తొంభై లారీల వివరాలు మా తెర మీద చూసి మీ తెర మీద మళ్ళీ కొడుతున్నాడు. రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకదానికొకటి వివరాలు అందించుకుంటే ఆ పని ఉండదు, మీ మిగతా కస్టమర్లకూ ఇది అమ్మవచ్చు. ఆ గోడౌన్ మేనేజర్ అనుమతితోనే రాస్తున్నాను, కావాలంటే ఆయనతో మాట్లాడండి. వచ్చే మంగళవారం గానీ గురువారం గానీ ఇరవై నిమిషాలు ఇవ్వగలరా?'

కింద తన పేరు, 'గేటు దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేశాను' అన్న ఒక్క ముక్క. స్లైడ్లు లేవు, భూగోళం లేదు.

నలభై నిమిషాల్లో జవాబు వచ్చింది. గురువారం పదకొండింటికి. ఈసారి కింద తోక లేదు.

గేటమ్మ ఆ జవాబు ఫోనులో పెట్టుకుని చెల్లెలి ఇంటికి పోయింది. సీఈఓ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఫోను వాడి చేతిలో పెట్టింది.

"గురువారం పదకొండింటికి మీటింగ్. నువ్వు రావాలి."

"నేనెందుకు? నువ్వు రాశావుగా."

"నేను లారీల గురించి మాట్లాడతాను. వాటాలు, షరతులు నాకేం తెలుసు? గడ్డం గీసుకుని రా."

అదే ఆవిడ క్షమాపణ. వాడికి అర్థమైంది.

పెద్ద కంపెనీ భవనం అద్దాలతో మెరిసిపోతోంది. కింద సంతకం పెట్టించుకుని మెడలో కార్డులు వేశారు. పన్నెండో అంతస్తులో గాజు గది. ఇరవై మంది కూర్చునే బల్ల, దాని చివర బిజినెస్ హెడ్, పక్కన కళ్ళద్దాల ప్రొడక్ట్ మేనేజర్. బిజినెస్ హెడ్‌కు యాభై ఉంటాయి. చొక్కా మడత నలగలేదు. మనుషుల్ని చూసే చూపు మాత్రం గేటమ్మదే. అది ఆవిడ వెంటనే గుర్తుపట్టింది. తేడా ఒక్కటే. ఆవిడ చూసి తెలుసుకుని తీసిపారేసేది. ఈయన చూడకుండానే తీసిపారేస్తాడు.

లోపలి మెయిల్ మాట ఆయన ఎత్తలేదు. ప్రొడక్ట్ మేనేజర్ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మేడమ్, మీరు గేటు దగ్గర పనిచేశారట," అన్నాడు బిజినెస్ హెడ్, నవ్వు దాచుకున్నట్టు కనిపించేలా దాచుకుంటూ.

"అవునండీ. మీ కస్టమర్ల లారీలు ఆగేది అక్కడే."

ప్రొడక్ట్ మేనేజర్ వరసగా ప్రశ్నలు వేశాడు. లారీ ఆలస్యమైతే తర్వాతివాటికి టైము ఎలా జరుపుతారు? రెండు రకాల సరుకు ఒకే లారీలో వస్తే? గేటమ్మ ఒక్కోదానికి జవాబు చెప్పింది. తెలియనిది ఒకటి వస్తే తెలియదంది. పదిహేను నిమిషాలు గడిచాక బిజినెస్ హెడ్ గడియారం చూసుకున్నాడు.

"సరే. మా షరతులు చెబుతాను. మూడేళ్ళు మాకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. మా సాఫ్ట్‌వేర్‌తో కలిపే ఖర్చు మీదే. ఎంత అమ్ముతామని మేం హామీ ఇవ్వం. అమ్మినదాంట్లో మీకు పదిహేను శాతం. ముందుగా, సరుకును బట్టి టైము ఎలా లెక్కకడతారో ఆ నియమాల పట్టిక ఇప్పుడు చూపించండి. మా వాళ్ళు పరిశీలించాలి."

సీఈఓ కళ్ళు వెలిగిపోతున్నాయి. పన్నెండో అంతస్తు, గాజు గది, 'మూడేళ్ళు' అన్న మాట. చెయ్యి అప్పుడే లాప్‌టాప్ మూత మీద ఉంది. మూత లేచింది. గేటమ్మ మెల్లగా దాని మీద చెయ్యి వేసి మూసేసింది.

"రహస్యం బయటపెట్టబోమని రాసుకునే కాగితం మీద ముందు ఇద్దరం సంతకం పెడదామండీ. పట్టిక ఆ తర్వాత."

"మేడమ్, మాలాంటి కంపెనీ మీ పట్టిక దొంగిలిస్తుందా?"

"అలా అనలేదు. మరి సంతకానికి అభ్యంతరం ఏముంది?"

సీఈఓ ఆవిడ ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, లాప్‌టాప్ పక్కకు జరిపాడు. ఆ తర్వాత వాడు మాట్లాడిన తీరు గేటమ్మ అంతకుముందు ఎన్నడూ ఎరగదు. "సర్, ఎంత అమ్ముతారో హామీ లేకుండా మూడేళ్ళు ఇంకెవరికీ ఇవ్వకూడదంటే, మీరు ఒక్కటీ అమ్మకపోయినా మేం చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకటి చెయ్యండి. ఎవరికైనా ఇచ్చే హక్కు మాకు ఉంచండి. లేదా ఏడాదికి ఇన్ని గోడౌన్లని రాయండి." పెద్ద మాటలు ఒక్కటీ లేవు.

బిజినెస్ హెడ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మీకు అర్థమవుతున్నట్టు లేదు. మీరు చేసింది మా వాళ్ళు మూడు నెలల్లో కట్టేస్తారు."

"కట్టుకోండి," అంది గేటమ్మ. "గంట చొప్పున కడతారు. పదింటికల్లా లైను మళ్ళీ రోడ్డెక్కుతుంది."

ఇరవై నిమిషాలూ అయిపోయాయి. లిఫ్టులో దిగుతుంటే సీఈఓ మెడలో కార్డు తీసి చూసుకుంటూ, "పోయింది కదా పెద్దమ్మా," అన్నాడు.

"పోతే పోయింది. బాగా మాట్లాడావు."

రెండోసారి మెచ్చుకుందని వాడికి కింద గేటు దాటాక గాని తట్టలేదు.

బిజినెస్ హెడ్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. సరిగ్గా మూడు నెలలకు, లారీలకు టైము ఇచ్చే సదుపాయం తమ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా వచ్చేసిందని కస్టమర్లందరికీ ప్రకటన పంపాడు. లారీకి గంట చొప్పున. విడి పెట్టెలైనా, కట్టిన సరుకైనా, పీపాలైనా గంటే. గోరంత తెలుసుకుని కొండంత కట్టడం ఆ పన్నెండో అంతస్తుకు వెన్నతో పెట్టిన విద్య. వీళ్ళ గోడౌన్ మేనేజర్ కూడా ఉచితం కదా అని దానికి మారాడు. ఆ కబురు విని సీఈఓ మళ్ళీ నీరుగారిపోయాడు. గేటమ్మ పెదవి విరిచి, "మారనీ. తొమ్మిది రోజులు," అంది.

ఆవిడ లెక్క తప్పింది. ఆరు రోజులే పట్టింది. సోమవారం విడి పెట్టెల లారీలు పదకొండు వరసగా వచ్చాయి. ఒక్కోదానికి గంట ఇచ్చారు, ఒక్కోటి రెండు గంటల పైన తీసుకుంది. మధ్యాహ్నానికి లైను పక్క వీధిలోకి తిరిగింది. ఒక డ్రైవరు తాళాలు గుమాస్తా బల్ల మీద పడేసి, "నువ్వే దించుకో," అని వెళ్ళిపోయాడు. మేనేజర్ ఆ సాయంత్రమే వీళ్ళ సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వచ్చాడు. రెండు వారాల లెక్కలు పక్కపక్కన పెట్టి బిజినెస్ హెడ్‌కు మెయిల్ రాశాడు. రెండింటినీ కలపకపోతే కాంట్రాక్టు గడువు అయ్యాక వేరే దారి చూసుకుంటానన్నాడు. గేటమ్మను కాపీలో పెట్టాడు.

కాలదన్ని పోతానన్న కస్టమరు మాట వినని పెద్ద కంపెనీ ఉండదు. మూడోనాడు ప్రొడక్ట్ మేనేజర్ ఫోన్ చేశాడు. ముందు రహస్యం కాపాడే ఒప్పందం. తర్వాత ఏడాది ఒప్పందం, ఎవరికైనా ఇచ్చుకునే హక్కుతో. కావాలనుకున్న కస్టమర్లకే కలుపుతారు, వాళ్ళ డేటా వాళ్ళు ఒప్పుకుంటేనే. నాలుగు వందల గోడౌన్ల కల కాదది. పెద్ద కంపెనీ అమ్మకాల జాబితాలో చివరి పేజీలో ఒక వరుస, అంతే. సీఈఓ చదివి, రెండుచోట్ల మార్చమని అడిగి, ఒకటి మార్పించుకుని సంతకం పెట్టాడు.

ఆ సంతకానికి ముందు నూట పన్నెండు ప్రశ్నల భద్రతా ఫారం వచ్చింది. ఎనిమిది రోజులు పట్టింది నింపడానికి. 'మీ సమాచార భద్రతా విభాగంలో ఎంతమంది ఉన్నారు?' అన్నచోట ప్రోగ్రామర్ అమ్మాయి 'ఒకరు. కోడ్ రాసేది కూడా ఆమే' అని రాసింది. సీఈఓ దాన్ని మార్చబోయి ఆగిపోయాడు. అది కూడా ఆమోదం పొందింది.

బిజినెస్ హెడ్ మళ్ళీ వాళ్ళతో మాట్లాడలేదు. సంతకం కూడా తన కింది అధికారితో పెట్టించాడు. కస్టమర్లకు పంపిన ప్రకటనలో మాత్రం, చిన్న సంస్థల్లోని ప్రతిభను మొదటినుంచీ గుర్తించి ప్రోత్సహించడం తమ సంప్రదాయమని రాశాడు. సీఈఓ దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. గేటమ్మ టీ గ్లాసు కడుక్కుంటూ ముక్కుతో ఒక్క ఊపిరి వదిలింది. అంతకన్నా అతగాడి మీద ఖర్చుపెట్టాలని అనిపించలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ దారిన తొమ్మిది గోడౌన్లు వచ్చాయి. సీఈఓ ఇప్పుడు ప్రతి మెయిలూ ఆవిడకు చూపించాకే పంపుతాడు. ఆవిడ చదివి, కొన్నిచోట్ల గీత పెట్టి ఇస్తుంది. నోటితో మాత్రం ఏమీ అనదు. దానికి ఆవిడ ఎంత కష్టపడుతుందో ప్రోగ్రామర్ అమ్మాయికి తెలుసు.

తొమ్మిదో గోడౌన్ గేటు దగ్గర అరవై దగ్గరపడిన గుమాస్తా ఉన్నాడు. గేటమ్మ వెళ్ళి, తాను ఎందుకొచ్చిందో చెప్పింది. ఆయన చేతిలో కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"ఏడాదికి ఇద్దరొస్తారమ్మా మీలాంటివాళ్ళు. వచ్చి, మాకు మా పని నేర్పిపోతారు."

ఆవిడ ఒక ఖాళీ పెట్టె బోర్లించుకుని కూర్చుంది. ఎండ మీద పడుతోంది. లారీలు ఒకటొకటిగా లోపలికి పోతున్నాయి. గంటన్నర ఏమీ మాట్లాడకుండా చూసింది. తర్వాత, "మూడో తలుపు దగ్గర ప్రతిదీ ఎందుకు ఆలస్యమవుతోందండీ?" అంది.

ఆయన అప్పుడు తల ఎత్తాడు. ఆవిడను పైనుంచి కిందిదాకా చూశాడు.

"అక్కడ నేల వాలు. సరుకు తోసే బండి సరిగ్గా ఎక్కదు. పది నిమిషాలు ఎక్కువ రాసుకో."

గేటమ్మ రాసుకుంది.